‘డ్రై క్లీన్ ఓన్లీ’ బట్టను నీళ్లలో పెట్టే ముందు

లేబుల్‌లో ఆ మాట ఒక్కటే చూసి ఆగకండి, పక్కనే బట్ట దేనితో చేశారో కూడా ఉంటుంది.

• పాలియెస్టర్, కాటన్ అని ఉంటే ఆ పోగు నీళ్లతో పాడవదు, కాకపోతే ముందు తడపని కాటన్ కాస్త కుంచించుకోవచ్చు. అక్కడ హెచ్చరిక చాలాసార్లు ముందు జాగ్రత్తే. విస్కోస్ క్రేప్ అయితే లేబుల్ మాటే వినండి. దాని దారానికి పురి ఎక్కువ, తడిస్తే బట్ట కుంచించుకుపోతుంది.

• పట్టు చల్లటి నీళ్లను తట్టుకుంటుంది, చిక్కంతా రంగుతోనే. లోపలి కుట్టు దగ్గర, ఉతకబోయే సబ్బు నీళ్లలో తడిపిన తెల్ల గుడ్డను రెండు నిమిషాలు అదిమి పట్టండి. ప్రతి రంగునూ విడిగా చూడాలి. ఎరుపు పక్కనే తెలుపు ఉన్న పోచంపల్లి చీరలో కాస్త రంగు దిగినా డిజైన్ పోతుంది. గుడ్డకు రంగు అంటితే ఇక డ్రై క్లీనింగే.

• లైనింగ్‌ను చాలామంది మరిచిపోతారు. నేనూ అంతే. నా పాలియెస్టర్ కుర్తా రంగు పరీక్ష నెగ్గిందని ఉతికేశాను. పై బట్ట అలాగే ఉంది, లోపలి కాటన్ లైనింగ్ అంగుళం కుంచించుకుంది. కింద అంచంతా ముడతలు! లైనింగ్‌ను కుట్టే ముందు తడిపి ఆరబెట్టారో లేదో టైలర్‌ను అడగండి. రెడీమేడ్‌లో అది తెలియదు, అందుకే లైనింగ్ అంచు పై బట్టకు కుట్టేసి ఉంటే నేను ఉతకను.

• కోటు కాలర్‌లో అతికించిన బక్రం ఉంటే నీళ్లు వద్దు. జిగురు ఊడి బుడగలు లేస్తాయి, ఇస్త్రీతో పోవు.