భూమి ప్రకటన ఇంగ్లీషులోకి మార్చే ముందు జాగ్రత్తలు

భూమి విస్తీర్ణంలో చుక్క తర్వాత అంకె సెంట్లా, గుంటలా? ముందు ఇదే తేల్చుకోండి. తెలంగాణ పాస్‌బుక్‌లో 2.20 అంటే 2 ఎకరాల 20 గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. ఆంధ్రాలో అదే 2 ఎకరాల 20 సెంట్లు. ఇంగ్లీషులో ‘2.20 ఏకర్స్’ అని దించేస్తే తెలంగాణ రైతుకు 30 సెంట్లు, అంటే 1,452 గజాలు గల్లంతు.

చుక్క తర్వాత 40 గానీ అంతకు మించి గానీ ఉంటే అవి గుంటలు కావు. 40 గుంటలకే ఎకరం నిండిపోతుంది.

5 గుంటలను 0.5 అని రాయకండి, అది అరెకరం. సరైనది 0.125.

గజాల్లో సరిచూసుకోండి: సెంటు 48.4, గుంట 121.

‘యార్డ్స్’ ముందు ‘స్క్వేర్’ తప్పనిసరి.