ఐఈఎల్‌టీఎస్ ఫలితంలో ఒక్క విభాగం తగ్గితే ఏమి చేయాలి?

పాలకొల్లులో ఉండే మా మేనకోడలు జూన్ 6న కంప్యూటర్‌పై ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ పరీక్ష రాసింది. ఫలితం రాగానే ఫోను చేసి, "మామయ్యా, మొత్తం మీద 7 వచ్చింది, అయినా సీటు పోయేట్టుంది" అంది. ఆమె కోరుకున్న విశ్వవిద్యాలయం మొత్తం 6.5 అడిగింది. దాంతో పాటు ఏ విభాగంలోనూ 6.5కు తగ్గకూడదంది. ఈ రెండో షరతును చాలామంది చదవరు.

రిపోర్టు చేతికి రాగానే మొత్తం బ్యాండ్‌ను కాసేపు పక్కన పెట్టి, నాలుగు విభాగాల అంకెలను ఒక కాగితం మీద రాసుకోండి. ఒక్కోదాని పక్కన మీ విశ్వవిద్యాలయం అడిగిన కనీస బ్యాండ్ రాయండి. మా మేనకోడలికి లిజనింగ్ 8, రీడింగ్ 7.5, రైటింగ్ 6, స్పీకింగ్ 6.5 వచ్చాయి. కూడితే 28, నాలుగుతో భాగిస్తే సరిగ్గా 7. లోటు రైటింగ్‌లోని ఆ అర బ్యాండ్ ఒక్కటే.

కొందరికి విభాగాలు సరిపోయి మొత్తం తగ్గుతుంది. అప్పుడు సగటును ఎలా సవరిస్తారో తెలియాలి. సగటు .25తో ముగిస్తే పై అర బ్యాండ్‌కు, .75తో ముగిస్తే పై పూర్తి బ్యాండ్‌కు పెంచుతారు. 6.5, 6.5, 5.5, 6 వచ్చినవారి సగటు 6.125 కనుక మొత్తం 6 అవుతుంది. నాలుగింటిలో ఏ ఒక్కటి అర బ్యాండ్ పెరిగినా సగటు 6.25కు చేరి, మొత్తం 6.5 అయిపోతుంది. అందుకే ముందు ఈ లెక్క వేసుకోవాలి. అంచున ఉన్నవారికి ఒక విభాగంలో చిన్న మార్పు చాలు.

ఇప్పుడు అసలు ప్రశ్న: మళ్లీ దిద్దించుకోవాలా, మళ్లీ రాయాలా? ధాన్యం అమ్మినవారికి ఈ తేడా చెప్పనక్కర్లేదు. కాటా మీద అనుమానముంటే మళ్లీ తూకం వేయిస్తాం. తేమ ఎక్కువుంటే ఎన్ని కాటాలు మార్చినా లాభం లేదు, తిరిగి ఆరబెట్టాల్సిందే.

మళ్లీ దిద్దించడాన్ని ఎంక్వైరీ ఆన్ రిజల్ట్స్ అంటారు. పరీక్ష తేదీ నుంచి ఆరు వారాల్లోగా, కోరిన విభాగానికి దరఖాస్తు చేయవచ్చు. బ్యాండ్ మారితే కట్టిన రుసుము వెనక్కి ఇస్తారు. లిజనింగ్, రీడింగ్‌లలో 40 ప్రశ్నల చొప్పున జవాబులు ఖాయంగా ఉంటాయి కాబట్టి అక్కడ మార్పు వచ్చే అవకాశం చాలా తక్కువ. రైటింగ్, స్పీకింగ్ అలా కాదు. వాటిని ఎగ్జామినరు అంచనా వేస్తారు కాబట్టి అర బ్యాండ్ అటూ ఇటూ కావడానికి చోటుంటుంది. అయితే రిపోర్టులో రైటింగ్‌కు ఒక్క అంకే ఉంటుంది. వ్యాకరణంలో పోయిందో, విషయంలో పోయిందో అది చెప్పదు.

అది మీరే గుర్తు చేసుకోవాలి. రైటింగ్‌లో రెండో ప్రశ్నకు మొదటిదానికి రెట్టింపు విలువ. నేను మా మేనకోడలిని రెండే అడిగాను: రెండో వ్యాసం పూర్తయిందా, ఇంటి దగ్గర రాసిన సాధన వ్యాసాలకు మాస్టారు ఎంత వేసేవారు? మొదటి ప్రశ్నలోని గ్రాఫు మీదే అరగంట గడిచిపోయిందని, రెండో వ్యాసం ముగింపు రాయకుండానే సమయం అయిపోయిందని చెప్పింది. సాధనలో కూడా 6, 6.5 మధ్యనే వచ్చేవట. అంటే తప్పు కాటాది కాదు. వ్యాసం నిండుగా పూర్తి చేసి, సాధనలో ఎప్పుడూ 7 తెచ్చుకునే వ్యక్తికి 6 వచ్చి ఉంటే నేను ముందు దిద్దించమనే చెప్పేవాణ్ణి.

మా మేనకోడలికి వన్ స్కిల్ రీటేక్ సరిపోయింది. కంప్యూటర్‌పై నాలుగు విభాగాలూ రాసినవారు, ఆ పరీక్ష జరిగిన 60 రోజుల్లోగా, ఏదో ఒక్క విభాగాన్ని ఒక్కసారి మళ్లీ రాయవచ్చు. కొత్త రిపోర్టులో మిగతా మూడు పాత అంకెలే ఉంటాయి. కొత్తది తగ్గినా పాత రిపోర్టు చెల్లుతుంది కాబట్టి నష్టం రుసుము వరకే. కానీ అన్ని సంస్థలూ దీన్ని ఒప్పుకోవు. డబ్బు కట్టకముందే ప్రవేశాల విభాగానికి మెయిలు రాసి, జవాబు భద్రపరచుకోండి.

తేదీలు కూడా చూసుకోండి. జూన్ 6 పరీక్షకు దిద్దింపు గడువు జూలై 18తోనూ, రీటేక్ గడువు ఆగస్టు 5తోనూ ముగుస్తాయి. దిద్దింపు ఫలితానికి మూడు వారాల వరకూ పట్టవచ్చు. చివరి రోజు వరకూ ఆగి దరఖాస్తు పెడితే, అది వచ్చేసరికి రీటేక్ దారి మూసుకుపోవచ్చు.

మా మేనకోడలు మూడు వారాలు రోజుకో వ్యాసం గడియారం పెట్టుకుని రాసింది. మొదటి ప్రశ్నకు 20 నిమిషాలు, ఆపై ఎక్కడున్నా వదిలేయాలన్నది ఒక్కటే నియమం. కొత్త రిపోర్టులో రైటింగ్ 6.5 వచ్చింది. సగటు 7.125 అయినా మొత్తం బ్యాండ్ మాత్రం అదే 7.