చిట్టా ఆవర్జా లేని లెక్క, 4వ పాఠం: ఐదేళ్ళ తాళం

ఖాతా పుస్తకాలు రాయకుండా అమ్మకంలో ఇంత శాతం లాభమని ఆదాయపు పన్ను రిటర్న్‌లో చూపేదే ప్రిజంప్టివ్ పద్ధతి. ఈ పాఠంలో దాని నుంచి బయటికొస్తే ఏమవుతుందో చెప్పాలనుకున్నాను. కానీ 3వ పాఠం చివర ఇచ్చిన హార్డ్‌వేర్ షాపు లెక్కకు మీరు పంపిన జవాబులు చూశాక, ముందు వెనక్కి వెళ్ళక తప్పలేదు. షాపు లాభం ఎంత చూపాలని అడిగితే, చాలామంది అమ్మకం మొత్తం మీద 6 శాతం వేసేశారు. కారణం కూడా అందరూ దాదాపు ఒకే మాటలో రాశారు: "డబ్బంతా బ్యాంకులోనే ఉంది కదా మాస్టారూ."

ఉంది. కానీ ఎలా చేరింది? గల్లాపెట్టెలో పడిన నోట్లను సాయంత్రం తీసుకెళ్ళి కరెంట్ అకౌంట్లో జమ చేస్తే అది నగదు అమ్మకమే, దానికి 8 శాతమే. చట్టం చూసేది కొన్నవాడి చేతినుంచి డబ్బు ఏ రూపంలో వచ్చిందన్నదే. యూపీఐ, కార్డు, నెఫ్ట్, ఆర్‌టీజీఎస్, అకౌంట్ పేయీ చెక్కు, డీడీ అయితే 6. మిగతాదంతా 8. బేరర్ చెక్కుకు కూడా 6 శాతం దొరకదు.

ఆ లెక్కే మళ్ళీ చేద్దాం. షాపు అమ్మకం 1 కోటి 40 లక్షలు. అందులో యూపీఐ, బ్యాంకు ద్వారా వచ్చింది 96 లక్షలు. నగదు 32 లక్షలు. మార్చి 31 నాటికి ఇంకా రావాల్సిన అరువు 12 లక్షలు. ఆ అరువులో 8 లక్షలు జూన్ లోపు నెఫ్ట్‌లో వచ్చాయి, 4 లక్షలు రిటర్న్ గడువు నాటికి కూడా రాలేదు.

అరువు దగ్గరే రెండో గుంపు తప్పిపోయింది. ఇంకా డబ్బు రాలేదు కాబట్టి అది అమ్మకం కాదని వదిలేశారు. సరుకు వెళ్ళింది, బిల్లు రాశాడు, అమ్మకమే. అయితే ఒక వెసులుబాటు ఉంది. ఏడాది ముగిశాక వచ్చినా సరే, రిటర్న్ వేయాల్సిన గడువు తేదీలోపు బ్యాంకు ద్వారా వస్తే దానికి 6 శాతమే. కాబట్టి 6 శాతం కిందికి 96, 8 కలిపి 104 లక్షలు, అంటే 6,24,000. 8 శాతం కిందికి 32, 4 కలిపి 36 లక్షలు, అంటే 2,88,000. మొత్తం లాభం 9,12,000. ఇది పన్ను కాదు, లాభం. దీన్నే పన్ను అనుకుని గుండె పట్టుకున్నవాళ్ళు ఇద్దరున్నారు. 2025-26 సంవత్సరానికి కొత్త పన్ను విధానంలో, ఆయనకు వేరే ఆదాయం లేకపోతే 12 లక్షల లోపే కాబట్టి రిబేటు పోను కట్టాల్సింది సున్నా.

నా అలవాటు చెబుతాను. షాపు క్యూఆర్ కోడు ఇంటి సేవింగ్స్ ఖాతాకు కట్టకండి. షాపుకు ఒక కరెంట్ ఖాతా, ఒకే క్యూఆర్. నోట్లు జమ చేసినప్పుడు స్లిప్పు మీద "అమ్మకం" అని పెన్నుతో రాసుకుంటే మార్చిలో టెన్షన్ ఉండదు. అంతకుమించిన సాఫ్ట్‌వేర్ ఈ సైజు షాపుకు అవసరం లేదని నా అభిప్రాయం.

పరిమితులు 2వ పాఠంలో అయిపోయాయి, గుర్తుకు ఒక్క మాటే. ఆదాయపు పన్ను చట్టం 44ఏడీ సెక్షన్ కింద వ్యాపారానికి అమ్మకం 2 కోట్లు, నగదు వసూళ్ళు మొత్తంలో 5 శాతం దాటకపోతే 3 కోట్లు. 44ఏడీఏ కింద వృత్తికి వసూళ్ళు 50 లక్షలు, అదే షరతుతో 75 లక్షలు. 2 కోట్ల 60 లక్షల అమ్మకానికి 5 శాతమంటే 13 లక్షలు. గల్లాపెట్టెలో 14 లక్షలు పడ్డాయా, పద్ధతే వర్తించదు, ఆడిట్‌కు కూర్చోవాలి. కమిషన్ ఏజెంటుకు, బ్రోకర్‌కు 44ఏడీ అసలు లేదు, పరిమితి ఎంతైనా.

ఇక ఈనాటి విషయం.

ఈ పద్ధతిలోకి రావడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఐటీఆర్-4లో శాతం వేస్తే చాలు. అందుకే బయటికి వెళ్ళడం కూడా అంతే సులువని అనుకుంటారు. "ఈ ఏడు లాభం తక్కువండీ, నాలుగు శాతం చూపిద్దాం, వచ్చే ఏడు మళ్ళీ ఎనిమిదికి వద్దాం" అన్న మాట నేను ప్రతి జులైలో వింటాను, ప్రతిసారీ చిరాకు పడతాను. 44ఏడీలో అలా రాకపోకలు లేవు. ఒక ఏడాది శాతం ప్రకారం లాభం చూపాక, ఆ తర్వాతి ఐదేళ్ళలో ఏ ఒక్క ఏడాదైనా తక్కువ చూపితే, తక్కువ చూపిన ఏడాది తర్వాత ఐదు అసెస్‌మెంట్ సంవత్సరాలు ఈ తలుపు మూసుకుపోతుంది. ఆ ఏడాదికీ, మూసి ఉన్న ఐదేళ్ళలో ప్రతి ఏడాదికీ, మొత్తం ఆదాయం పన్ను లేని పరిమితి దాటితే ఖాతా పుస్తకాలు రాయాలి, చార్టర్డ్ అకౌంటెంట్‌తో ఆడిట్ చేయించాలి. ఆ పరిమితి పాత విధానంలో 2.5 లక్షలు, కొత్త విధానంలో ఇప్పుడు 4 లక్షలు. రిబేటుతో వచ్చే 12 లక్షలు కాదు. ఆ రెండూ ఒకటే అనుకుని ఆడిట్ మానేసినవాళ్ళు ఉన్నారు.

నా దగ్గరికి వచ్చిన ఒక ఎలక్ట్రికల్ సామాన్ల షాపాయన కథ వినండి. 2017-18లో 8 శాతం చూపాడు. 2018-19లో అమ్మకం 90 లక్షలు, అంతా నగదే. 8 శాతం చొప్పున 7,20,000 లాభం చూపాలి. కానీ ఆ ఏడాది అప్పు మీద వడ్డీ ఎక్కువైంది, వానకు తడిసిన సరుకు పారేశాడు, నిజంగా మిగిలింది 4,10,000. ఎవరో ఆ అంకెతోనే ఐటీఆర్-3 వేసిచ్చారు. ఆడిట్ లేదు. మినహాయింపులు పక్కన పెడితే 7,20,000 మీద సెస్సుతో కలిపి 58,760 కట్టాల్సింది, 4,10,000 మీద 8,320 కట్టాడు. అంటే 50,440 మిగిలింది, ఇంట్లో స్వీట్లు పంచుకున్నారు.

తర్వాత నోటీసు వచ్చింది. ఆడిట్ చేయించాల్సి ఉండి చేయించకపోతే జరిమానా అమ్మకంలో అర శాతం లేదా లక్షన్నర, ఏది తక్కువైతే అది. 90 లక్షల మీద 45,000. మిగిలింది 5,440. అసలు దెబ్బ అది కాదు. 2019-20 నుంచి 2023-24 వరకు ఐదు ఆర్థిక సంవత్సరాలు ఆయనకు 44ఏడీ లేదు. అన్నేళ్ళూ గుమస్తాను పెట్టి చిట్టా, ఆవర్జా, స్టాకు లెక్క రాయించాడు, ఏటా ఆడిట్ ఫీజు కట్టాడు. 2024-25లో మళ్ళీ లోపలికి వచ్చాడు.

ఆయన చేయగలిగింది ఏమిటి? రెండు దార్లు ఉన్నాయి. 7,20,000 ఒప్పుకుని 50 వేలు అదనంగా కట్టి ఊరుకోవడం ఒకటి. రెండోది, నిజంగానే లాభం తక్కువని నిరూపించే పుస్తకాలు ఉంటే, ఐదేళ్ళ ఆడిట్ ఖర్చు లెక్కవేసుకుని తెలిసి బయటికి రావడం. ఆ ఏడాది పుస్తకాలే లేని ఆయనకు రెండో దారి ఎలాగూ లేదు. ఇప్పుడైతే 7,20,000 లాభానికి, ఇంకే ఆదాయమూ లేకపోతే, కొత్త విధానంలో పన్నే పడదు. అలాంటప్పుడు తక్కువ చూపి తలుపు మూసుకోవడం నాకు బొత్తిగా అర్థం కాని పని.

ఆదాయం పరిమితి లోపే ఉండి నష్టం చూపితే ఆ ఏడాదికి ఆడిట్ అక్కర్లేదు, నిజమే. కానీ తాళం మాత్రం పడుతుంది. మరుసటి ఏడు వ్యాపారం పుంజుకుంటే అప్పుడు ఆడిట్ వచ్చి కూర్చుంటుంది. ఇప్పటిదాకా ఈ పద్ధతిలో ఒక్కసారి కూడా అడుగుపెట్టనివాడికి ఈ తాళం వర్తించదు.

వృత్తి వాళ్ళకు 44ఏడీఏలో ఐదేళ్ళ మాటే లేదు. డాక్టరు, లాయరు, ఆర్కిటెక్టు ఒక ఏడాది వసూళ్ళలో 50 శాతం లాభంగా చూపి, మరో ఏడాది పుస్తకాలతో తక్కువ చూపి, మూడో ఏడాది మళ్ళీ 50కి రావచ్చు. తక్కువ చూపిన ఏడాది ఆదాయం పరిమితి దాటితే ఆడిట్ ఉంటుంది, అంతవరకే. ఇంట్లో కూర్చుని విదేశీ క్లయింట్లకు కోడ్ రాసే కుర్రాళ్ళు కొందరు "నాదీ వ్యాపారమే" అని 6 శాతం వేసుకుంటున్నారు. సాఫ్ట్‌వేర్ పని కూడా నోటిఫై చేసిన వృత్తే నాయనా, నీది 50.

పుస్తకాలు లేకపోవడం వల్ల పోయేదేమిటో పంటి డాక్టరు లెక్కతో చూపిస్తాను. ఆవిడ వసూళ్ళు 38 లక్షలు, చూపే లాభం 19 లక్షలు. అద్దె, అసిస్టెంటు జీతం, మందులు, అన్నీ మిగతా 19లోనే అయిపోయినట్టు చట్టం అనుకుంటుంది. తరుగుదల కూడా అంతే. 10 లక్షలకు కుర్చీ, మెషీన్లు కొంటే ఏటా 15 శాతం చొప్పున తరుగు తీసుకున్నట్టే లెక్క, మీరు ఎక్కడా రాయకపోయినా. మూడేళ్ళ తర్వాత పుస్తకాలకు మారితే వాటి విలువ 10 లక్షలతో మొదలుకాదు, 6,14,125తో మొదలవుతుంది. ఖర్చు ఎక్కువైన ఏడాది వచ్చిన నష్టం ఈ పద్ధతిలో ఉండగా లెక్కలోకి రాదు కాబట్టి, ముందుకు తీసుకెళ్ళడానికి ఏమీ మిగలదు. అటు నిజంగా 70 శాతం మిగిలే కన్సల్టెంటుకు 50 చూపి ఊరుకోవచ్చా అంటే, చట్టం మాట "50 శాతం, లేదా అంతకంటే ఎక్కువ వచ్చిందని చెబితే ఆ ఎక్కువ". నాకు తెలిసిన చాలామంది 50 దగ్గరే ఆగుతారు. కానీ ఏటా ఖాతాలో 70 శాతం పోగవుతూ, దానితో ఫ్లాటు కొన్నప్పుడు "ఈ డబ్బెక్కడిది" అంటే జవాబు మీ దగ్గర ఉండాలి.

పుస్తకాలు అక్కర్లేదంటే కాగితాలే అక్కర్లేదని కాదు. ఐటీఆర్-4లో మార్చి 31 నాటి సరుకు విలువ, రావాల్సిన బాకీ, ఇవ్వాల్సిన బాకీ, చేతిలో ఉన్న నగదు అడుగుతారు. చేతి నగదు దగ్గర ఇష్టం వచ్చిన అంకె వేసేవాళ్ళు ఎక్కువ. ఒక ఏడాది 40 వేలు చూపి, మరుసటి ఏప్రిల్లో 6 లక్షల నోట్లు జమ చేస్తే ఆ మధ్యలో జరిగింది మీరే చెప్పాలి. అందుకే మార్చి 31 రాత్రి షట్టరు దించాక గల్లాపెట్టె లెక్కపెట్టి ఒక కాగితం మీద రాయండి. నేను చెప్పే పుస్తకం అదొక్కటే.

ముందస్తు పన్ను: ఈ పద్ధతిలో ఉండి పన్ను పదివేలు దాటేవాళ్ళకు నాలుగు వాయిదాలు లేవు, మార్చి 15 లోపు మొత్తం ఒకేసారి.

అభ్యాసం. మీ సొంత బ్యాంకు స్టేట్‌మెంట్ పన్నెండు నెలలది తీయండి. ప్రతి జమనూ మూడు గళ్ళలో వేయండి: కొన్నవాడు బ్యాంకు ద్వారా పంపింది, మీరు జమ చేసిన నోట్లు, అమ్మకం కానిది (చిట్టీ పాట, బావమరిది ఇచ్చిన అప్పు, ఖాతాల మధ్య బదిలీ). జమ చేయకుండా ఖర్చు పెట్టిన నోట్లు రెండో గడికి కలపండి. ఇదంతా చేయడానికి రెండు సాయంత్రాలు పడుతుంది, ఒక్క జమ కూడా "ఇతరాలు" అని రాయకండి. మూడో గడి రెండో గడికంటే పెద్దదైతే 5వ పాఠం వచ్చేదాకా రిటర్న్ వేయకుండా ఆగండి.