ఫ్యూజ్ సైజు పెంచితే మెయిన్ బ్రేకరే ముందు పడుతుంది: కొత్త మెషీన్ ఎక్కించే ముందు జాగ్రత్తలు

ఈ మధ్య ఒక చిన్న ఫ్యాక్టరీలో కంప్రెసర్ సెక్షన్ సబ్‌ప్యానెల్ నుంచి వెళ్లే ఒక ఫీడర్‌లో షార్ట్ అయింది. ఆ ఫీడర్ ఫ్యూజ్‌కి ఏమీ కాలేదు, మెయిన్ బ్రేకర్‌గా ఉన్న ఎంసీసీబీ మాత్రం పడిపోయి, మనుషులు మెషీన్ల మీద చేతులు పెట్టి పనిచేస్తుండగా బిల్డింగ్ మొత్తం చీకటైపోయింది. తెరిచి చూస్తే 63 ఆంప్స్ ఫ్యూజ్ ఉండాల్సిన చోట 160 ఉంది. 63 పదే పదే పోతోందని ఎవరో పెట్టి వదిలేశారట.

ఎర్తింగ్, లగ్గుల బిగింపు లాంటివి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. ఫ్యూజ్ సైజు పెంచడం గురించే చెప్తాను, ఎందుకంటే ఎక్కువమందిని ముంచుతున్నది అదే. సైజు 00 హోల్డర్‌లో 63 ఎంత చక్కగా కూర్చుంటుందో 160 కూడా అంతే చక్కగా కూర్చుంటుంది, అడ్డుపడేది ఏమీ ఉండదు.

ఇక లెక్క చూద్దాం. మెయిన్ 250 ఆంప్స్, షార్ట్‌కి వెంటనే పడేలా చేసే మ్యాగ్నెటిక్ డయల్ 8 రెట్ల దగ్గర ఉంది, అంటే 2000 ఆంప్స్‌కి వెంటనే పడాలి. బ్రేకర్ స్టాండర్డ్ దీనికి అటూ ఇటూ 20 శాతం తేడా ఒప్పుకుంటుంది కాబట్టి, ఎంత కరెంట్‌కి ఎంత సేపట్లో పడుతుందో చూపే కర్వ్ మీద అది గీత కాదు, 1600 నుంచి 2400 దాకా ఉన్న పట్టీ. ఇప్పుడు సబ్‌ప్యానెల్ అవతల 2400 ఆంప్స్ షార్ట్ వచ్చిందనుకోండి. ఓవర్‌లోడ్‌నీ షార్ట్‌నీ రెండిటినీ పట్టే రకం, అంటే జీజీ, 63 ఆంప్స్ ఫ్యూజ్ ఎలిమెంట్ 10 మిల్లీసెకన్లు కూడా తిరక్కముందే కరుగుతుంది. 160 ఫ్యూజ్ అయితే? స్టాండర్డ్ ప్రకారం 0.1 సెకన్లో అది కచ్చితంగా పోవాలంటే 2590 ఆంప్స్ దాకా పట్టవచ్చు, అంటే 2400 దగ్గర ఇంకా ఆలస్యం కావచ్చు. ఆలోగా బ్రేకర్ లాచ్ విడిపోతుంది, విడిపోయాక వెనక్కి రాదు. రెండు కర్వ్‌లూ ఒకే కాగితం మీద గీస్తే 160 గీత బ్రేకర్ పట్టీని దాటి అవతలికి వెళ్లడం కంటికే కనిపిస్తుంది. 63 గీత మాత్రం పట్టీకి ఎడమనే ఉండిపోతుంది.

దీనికంటే ఘోరం ఓవర్‌లోడ్ వైపు ఉంది. 160 సైజు జీజీ ఫ్యూజ్ తన రేటింగ్‌కి 1.25 రెట్లు రెండు గంటల పాటు మోయగలగాలి, అది దాని రూలు. అంటే 160 ఫ్యూజ్ 200 ఆంప్స్‌ని రెండు గంటలు నిక్షేపంగా పంపిస్తుంది. కేబుల్ ఏమో 80 ఆంప్స్‌ది. మెయిన్‌కి 200 అంటే అసలు లోడే కాదు. ఇన్సులేషన్ కాలేదాకా ఎవరికీ తెలియదు.

మెయిన్ పడింది కదా అని తరవాత చేసే పని డయల్‌ని 10కి తిప్పేయడం. ఇప్పుడు పట్టీ పై అంచు 3000. మెయిన్ నుంచి సబ్‌ప్యానెల్ దాకా ఉన్న కేబుల్ చివర ఎర్త్ ఫాల్ట్‌కి 2700 మాత్రమే వస్తుంటే, బ్రేకర్ వెంటనే పడుతుందన్న గ్యారంటీ లేదు, వేడెక్కి నిదానంగా పడే థర్మల్ వైపు కొన్ని సెకన్లు లాగొచ్చు. ఆ ముక్క కేబుల్‌కి ఫ్యూజ్ రక్షణ లేదు, మెయినే దిక్కు.

సరే, మెషీన్ ఎక్కించే ముందు చేయాల్సినవి:

- ఫ్యూజ్ సైజు పెంచొద్దు. పోతోందంటే లోడ్ కొలవండి, మోటార్ స్టార్టింగ్ కరెంట్, అది ఎన్ని సెకన్లుంటుందో చూడండి.
- ప్రతి హోల్డర్ ప్యానెల్ ఆఫ్ చేసి, వోల్టేజ్ లేదని టెస్టర్‌తో చూసుకున్నాకే తెరవండి. ఫ్యూజ్ మీద ఆంప్స్‌తో పాటు జీజీయా, ఏఎమ్‌యా చదవండి. ఏఎమ్ ఓవర్‌లోడ్‌ని పట్టుకోదు.
- ఫ్యూజ్ మొత్తం క్లియరింగ్ కర్వ్‌ని బ్రేకర్ పట్టీ కింది అంచుతో పోల్చండి. మధ్య గీతతో మధ్య గీత పోలిస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.
- 0.01 సెకన్ కింద కర్వ్‌ని నమ్మొద్దు. ఫాల్ట్ కరెంట్ వేలల్లో ఉంటే ఏ ఫ్యూజ్ ఏ బ్రేకర్ కంటే ముందు పోతుందో చెప్పే తయారీదారు సెలెక్టివిటీ టేబుల్ చూడండి, ఆ జోడీ టేబుల్లో లేకపోతే వాళ్లనే అడగండి.
- డయల్ తిప్పే ముందు కేబుల్ చివరి కనిష్ఠ ఫాల్ట్ ఎంతో తెలుసుకోండి. సెట్టింగ్‌కి 1.2 రెట్లు దాటకపోతే తిప్పొద్దు.
- ఒక ఫేజ్ ఫ్యూజ్ పోతే మూడూ మార్చండి. మిగతా రెండూ సగం కాలి ఉండొచ్చు.
- స్పేర్ ఫ్యూజ్‌లు సరైన సైజువి ప్యానెల్ పక్కనే పెట్టండి. రాత్రి షిఫ్ట్‌లో 63 దొరక్కపోతేనే 160 ఎక్కుతుంది.
- వైరు ముక్క కట్టొద్దు. ఒక్క షిఫ్ట్‌కి కూడా.
- హోల్డర్ తలుపు మీద సైజు పెయింట్‌తో రాయండి. మళ్లీ చెప్తున్నా, ఆ అంకె పెంచొద్దు. పెంచాల్సి వస్తే ముందు కేబుల్ మారాలి, కర్వ్ మళ్లీ గీయాలి, ఆ తరవాతే ఫ్యూజ్.