క్రాన్‌లో ‘నెల మొదటి మంగళవారం’ ఎలా రాయాలి?

విజయనగరంలో ఒక బట్టల షాపుకు నెలలో మొదటి మంగళవారం ఉదయం 6 గంటలకు స్టాక్ రిపోర్ట్ కావాలనుకోండి. చాలామంది ఇలా రాస్తారు:

```
0 6 1-7 * 2 /home/shop/stock.sh
```

ఎడమ నుంచి నిమిషం, గంట, తేదీ, నెల, వారం. వారంలో ఆదివారం 0, కాబట్టి మంగళవారం 2. చూడ్డానికి సరిగ్గానే ఉంది కదా! కానీ తేదీ, వారం రెండూ ఇస్తే క్రాన్ ‘రెండూ కలిస్తేనే’ అనుకోదు, ‘ఏదో ఒకటి కుదిరితే చాలు’ అనుకుంటుంది. 2026 అక్టోబరులో ఇది 1 నుంచి 7 వరకు రోజూ నడుస్తుంది, మళ్లీ 13, 20, 27 మంగళవారాల్లోనూ నడుస్తుంది. మొత్తం 10 రిపోర్టులు!

తేదీని క్రాన్‌కి వదిలి, వారాన్ని కమాండ్‌లో చూసుకోండి:

```
0 6 1-7 * * [ "$(date +\%u)" = 2 ] && /home/shop/stock.sh
```

క్రాన్‌ట్యాబ్‌లో `%` ముందు ఆ `\` తప్పనిసరి. లేకపోతే కమాండ్ అక్కడికే తెగిపోతుంది.

స్టెప్‌లోనూ ఇలాంటి తిరకాసే ఉంది. నిమిషాల్లో `*/15` బాగానే నడుస్తుంది. `*/45` మాత్రం ప్రతి 45 నిమిషాలకూ కాదు. లెక్క ప్రతి గంటా సున్నా నుంచి మొదలవుతుంది, అందుకే 6:00, 6:45 తర్వాత వెంటనే 7:00కే నడుస్తుంది.