టీచరు తయారుచేసిన ప్రశ్నాపత్రంలో లోపం ఎక్కడుంది? సమస్య - కారణం - పరిష్కారం

ఇచ్ఛాపురం, కవిటి, పర్లాకిమిడి వైపు తెలుగు మీడియం బడుల్లో ఒకే తరగతి గదిలో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలూ, ఒడియా మాట్లాడే పిల్లలూ కలిసి కూర్చుంటారు. ప్రశ్నాపత్రంలోని చిన్న లోపం కూడా ఇలాంటి తరగతిలో మార్కుల్లో పెద్దగా కనిపిస్తుంది. ఉదాహరణకి 9వ తరగతి భౌతికశాస్త్రం పేపరు ఒకటి తీసుకుందాం. మొత్తం 40 మార్కులు. ఒక మార్కు ప్రశ్నలు 8, రెండు మార్కులవి 4, నాలుగు మార్కులవి 3, ఆరు మార్కులవి 2. ఆరు మార్కుల ప్రశ్నలకి మాత్రమే 'లేదా' అని ఛాయిస్ ఉంది.

సమస్య: అన్ని పాఠాల నుంచీ ప్రశ్నలు ఇచ్చాం, అయినా రెండు పాఠాలు చదవని పిల్లలకి మంచి మార్కులు వచ్చాయి

ముందు పాఠాలవారీగా పట్టిక వేయండి. ఏ పాఠానికి ఎన్ని పీరియడ్లు పట్టాయో అదే భారత్వానికి ఆధారం. మన ఉదాహరణలో చలనం 10, గమన నియమాలు 10, గురుత్వాకర్షణ 8, పని-శక్తి 6, ధ్వని 6. మొత్తం 40 పీరియడ్లు, 40 మార్కులు కాబట్టి పీరియడ్‌కి ఒక మార్కు చొప్పున రావాలి.

పేపరులో అచ్చయిన ప్రశ్నలన్నీ కూడితే, ఛాయిస్‌తో కలిపి 52 మార్కులు. వరసగా 15, 15, 9, 6, 7. పైపైన చూస్తే సరిగ్గానే ఉంది. బ్లూప్రింట్ కూడా ఇలాగే నింపి సంతకం పెట్టేస్తారు. లోపం ఛాయిస్‌లో దాగి ఉంది. ఆరు మార్కుల మొదటి ప్రశ్న 'చలనం లేదా గురుత్వాకర్షణ', రెండోది 'గమన నియమాలు లేదా ధ్వని'. చలనం, గమన నియమాలు ఎంచుకున్న పిల్లవాడి పేపరులో మార్కులు 15, 15, 3, 6, 1 అవుతాయి. 14 పీరియడ్లు చెప్పిన రెండు పాఠాలకి కలిపి నాలుగు మార్కులే! ఆ రెండు పాఠాలూ తెరవకుండానే 36 మార్కులకి రాయొచ్చు.

అందుకే పట్టిక రెండుసార్లు వేయాలి. ఒకటి అచ్చయిన మార్కులతో. రెండోది, పిల్లవాడు తనకి అనుకూలంగా ఛాయిస్ వాడుకుంటే ఒక్కో పాఠం నుంచి తప్పనిసరిగా రాయాల్సింది ఎంత మిగులుతుందో చూస్తూ. నిజంగా నమ్మాల్సింది ఈ రెండోదాన్నే.

పరిష్కారం: ఛాయిస్ రెండు వైపులా ఒకే పాఠం నుంచి ఇవ్వండి. ఇక్కడ మొదటి ప్రశ్న రెండు భాగాలూ గురుత్వాకర్షణ నుంచి, రెండో ప్రశ్నవి ధ్వని నుంచి ఇస్తే, పిల్లవాడు ఏది రాసినా పేపరు 9, 9, 9, 6, 7 దగ్గర నిలబడుతుంది. ఏ పాఠానికీ ఒక మార్కుకి మించి తేడా లేదు. ఇంకొకటి: ఛాయిస్‌లో ఒకవైపు లెక్క, మరోవైపు నిర్వచనం పెట్టకండి. అప్పుడు పిల్లలు రాసేది వేర్వేరు కఠినత ఉన్న రెండు పేపర్లు అవుతుంది.

సమస్య: ఒక ప్రశ్న తరగతి మొత్తానికీ తప్పింది

'కఠినమైన ప్రశ్నలే కదా, తప్పుతాయి' అని వదిలేయకూడదు. కఠినం కావడం వేరు, ప్రశ్నలోనే లోపం ఉండటం వేరు. తేడా తెలుసుకునే దారి ఉంది. నాలుగు మార్కుల ప్రశ్నకి 40 మంది పిల్లలకి కలిపి 48 మార్కులు వచ్చాయనుకోండి. సగటు 1.2, అంటే నాలుగులో 30 శాతం. ఇప్పుడు మొత్తం మార్కుల్లో పైనున్న పదిమంది సగటూ, కిందున్న పదిమంది సగటూ విడిగా చూడండి. పైవాళ్లకి 3, కిందివాళ్లకి 0.2 వస్తే ప్రశ్న నిజంగానే కఠినం, ఉంచుకోవచ్చు. పైవాళ్లకి 1.2, కిందివాళ్లకి 1.1 వస్తే బాగా చదివినవాడికి కూడా ఆ ప్రశ్న ఉపయోగపడలేదన్నమాట. అప్పుడు ప్రశ్న వాక్యాన్నీ, 'కీ'నీ అనుమానించాలి.

అలాంటి వాక్యం ఇది:

"గంటకు 72 కి.మీ. వేగంతో చలించుచున్న వాహనమునకు గతిరోధకములు ప్రయోగింపబడిన పిమ్మట 5 సెకనులలో విరామస్థితికి వచ్చిన, ఆ వ్యవధిలో దాని స్థానభ్రంశమెంత?"

ఇందులో రెండు లోపాలున్నాయి. ఒకటి భాష. స్థానభ్రంశం, విరామస్థితి పాఠంలో నేర్పిన మాటలు, అవి ఉండాల్సిందే. 'గతిరోధకములు', 'పిమ్మట', 'ప్రయోగింపబడిన' అలాంటివి కావు. ఇంట్లో ఒడియా మాట్లాడే అమ్మాయికి లెక్క వచ్చినా ఇక్కడే ఆగిపోతుంది, మనం లెక్క రాలేదనుకుంటాం. రెండో లోపం ఇంకా పెద్దది: వేగం ఒకే రేటున తగ్గిందని ఎక్కడా చెప్పలేదు. అది చెప్పకపోతే దూరం కట్టడానికి కావాల్సిన సమాచారమే లేదు.

ఇలా రాస్తే సరిపోతుంది: "బరంపురం వెళ్లే బస్సు గంటకు 72 కి.మీ. వేగంతో తిన్నని రోడ్డు మీద పోతోంది. డ్రైవరు బ్రేకు వేయగానే వేగం ఒకే రేటుతో తగ్గుతూ 5 సెకన్లలో విరామస్థితికి వచ్చింది. ఈ 5 సెకన్లలో బస్సు స్థానభ్రంశం ఎంత?"

పరీక్షకి ముందే కఠినత అంచనా కట్టాలంటే ప్రతి ప్రశ్నకీ జవాబు మీరే కాగితం మీద రాయండి. ఒక్క సూత్రంతో అయిపోయేది సులభం. ప్రమాణం మార్చి సూత్రం వాడాల్సింది మధ్యస్థం. ఏ సూత్రం వాడాలో పిల్లవాడే కనిపెట్టాల్సింది కఠినం. 40 మార్కుల్లో 12 సులభం, 20 మధ్యస్థం, 8 కఠినం ఉంటే బడి స్థాయి పరీక్షకి సరిపోతుంది. మీ జవాబు రాయడానికి పట్టిన సమయం పరీక్ష సమయంలో మూడో వంతు దాటితే పేపరు పెద్దదైపోయినట్టే.

సమస్య: ఒకే జవాబుకి ఇద్దరు టీచర్లు వేర్వేరు మార్కులు వేశారు

కీలో "జవాబు: 50 మీ. - 4 మార్కులు" అని మాత్రమే ఉంటే ఇది తప్పదు. మెట్టు మెట్టుకీ మార్కు రాయాలి. బస్సు లెక్కకి ఇలా: 72 కి.మీ./గం.ని 20 మీ./సె.గా మార్చడం 1, త్వరణం -4 మీ./సె² కట్టడం 1, సమీకరణంలో ప్రతిక్షేపించడం 1, ప్రమాణంతో సహా 50 మీ. రాయడం 1.

ఇక్కడే చాలా కీలు అన్యాయం చేస్తాయి. తెలివైన పిల్లవాడు త్వరణం జోలికి పోకుండా సగటు వేగం 10 మీ./సె., 5 సెకన్లకి 50 మీ. అని తేల్చేస్తాడు. పద్ధతి పూర్తిగా సరైనదే. 'త్వరణానికి 1' అని మాత్రమే ఉన్న కీతో దిద్దితే అతనికి మార్కు పోతుంది. కాబట్టి కీలో రెండో వరస ఉండాలి: మార్పు 1, సగటు వేగం 1, ప్రతిక్షేపణ 1, ప్రమాణంతో జవాబు 1.

తప్పు మొదటి మెట్టులోనే జరిగితే ఏం చేయాలో కూడా ముందే తేల్చండి. 72ని మార్చకుండా 36ని 5తో గుణించి 180 మీ. రాసిన పిల్లవాడికి మార్పు మార్కు, చివరి జవాబు మార్కు పోతాయి. పద్ధతికి ఉన్న రెండు మార్కులూ ఇవ్వాలి. ఒక తప్పుకి మెట్టు మెట్టునా శిక్ష వేయకూడదు.

వ్యాసరూప ప్రశ్నల్లో గొడవ ప్రశ్న దగ్గరే మొదలవుతుంది. "ధ్వని గురించి రాయండి - 6 మార్కులు" అంటే ఒకరు నిర్వచనం రాస్తారు, ఒకరు ప్రతిధ్వని, ఇంకొకరు చెవి బొమ్మ. దేనికెంత వేయాలో కీ చెప్పలేదు, చెప్పడం సాధ్యమూ కాదు. దాన్నే "ధ్వని ప్రసారానికి యానకం ఎందుకు అవసరం? దీన్ని చూపే గంటజాడీ ప్రయోగాన్ని బొమ్మతో వివరించండి" అని మారిస్తే కారణానికి 2, భాగాల పేర్లతో బొమ్మకి 2, ప్రయోగ విధానానికి 1, పరిశీలనకి 1 అని ప్రశ్నే కీని చెప్పేస్తుంది.

దిద్దడం మొదలుపెట్టే ముందు అయిదు జవాబుపత్రాలు తీసి ఇద్దరు టీచర్లు విడివిడిగా దిద్దండి. మార్కులు పేపరు మీద కాకుండా వేరే కాగితం మీద రాసుకోండి. ఏ నాలుగు మార్కుల ప్రశ్నలోనైనా తేడా ఒక మార్కు దాటితే ఆ ప్రశ్న కీ ఇద్దరూ కూర్చుని సరిచేసి, ఆ తర్వాతే మిగతా కట్ట విప్పండి.