నామినీ లేని పాలసీ: వారసుల క్లెయిమ్ లెటర్ ఎక్కడ ఆగుతుంది, ఎలా సరిచేయాలి

సమస్య: భర్త చనిపోయారు. ఎల్ఐసీ బాండులో నామినీ గడి ఖాళీగా ఉంది. భార్య లెటర్ రాసి, డెత్ సర్టిఫికెట్, ఒరిజినల్ బాండు, మీసేవలో తీసుకున్న ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ జతచేసి బ్రాంచిలో ఇచ్చింది. కొన్నాళ్లకు "టైటిల్ రుజువు ఇవ్వండి" అని, అంటే ఈ డబ్బు మీద హక్కు ఎవరిదో చూపించమని, ఉత్తరం వచ్చింది.

ముందు ఇది చూడండి: నామినీ నిజంగానే లేరా? పాలసీ తీసుకున్నాక నామినీని మార్చుకుని ఉంటే అది బాండు వెనక ఎండార్స్‌మెంట్‌గానో, కంపెనీ రికార్డులోనో ఉంటుంది, కాబట్టి పాలసీ నంబరు ఇచ్చి రికార్డులో ఏముందో రాతపూర్వకంగా అడగండి. నామినీగా ఉన్న వ్యక్తి పాలసీదారు కంటే ముందే చనిపోయి, మరో పేరు రాయకపోయినా డబ్బు వారసులకే వెళ్తుంది.

కారణం: చాలాసార్లు చిక్కు లెటర్‌లోనే ఉంటుంది. "నేను భార్యను, మొత్తం నాకు ఇవ్వండి" అని రాస్తారు. వీలునామా లేకుండా చనిపోయిన హిందూ పురుషుడి ఆస్తికి 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మొదటి తరగతి వారసులు భార్య ఒక్కరే కాదు, కొడుకులు, కూతుళ్లు, తల్లి కూడా. పెళ్లయిన కూతురికీ సమాన వాటానే. తండ్రి మాత్రం ఈ తరగతిలోకి రారు. మన ఇళ్లలో ఎక్కువగా మరిచిపోయేది తల్లినే, ఎందుకంటే ఆవిడ వేరే ఊళ్లో ఇంకో కొడుకు దగ్గర ఉంటుంది, రేషన్ కార్డులో పేరు ఉండదు, అలా ఫ్యామిలీ సర్టిఫికెట్‌లోనూ ఎక్కదు. కంపెనీ ఒకరికి మొత్తం ఇచ్చేశాక ఇంకో వారసురాలు వచ్చి అడిగితే చిక్కుల్లో పడేది కంపెనీనే, అందుకే ఆపేస్తారు.

పైన చెప్పిన కుటుంబంలో తల్లి, భార్య, పెళ్లయిన కూతురు, పదిహేనేళ్ల కొడుకు ఉన్నారనుకోండి. బోనస్‌తో కలిపి వచ్చేది 6 లక్షలైతే ఒక్కొక్కరికి లక్షన్నర.

పరిష్కారం 1, గొడవ లేకపోతే: తహసీల్దారు దగ్గర తల్లి పేరుతో సహా సర్టిఫికెట్ సరిచేయించుకుని, లెటర్ ఇలా మళ్లీ రాయండి:

> బ్రాంచి మేనేజర్ గారికి,
> విషయం: పాలసీ నం. ______, నామినీ లేని డెత్ క్లెయిమ్.
> నా భర్త ______ గారు తేది ______న మరణించారు. ఆయన వీలునామా రాయలేదు. పాలసీ హక్కులను ఎవరి పేరుకూ బదిలీగా అసైన్ చేయలేదు. ఆయన వారసులు వీరు మాత్రమే: తల్లి ______, భార్యనైన నేను, కుమార్తె ______, మైనర్ కుమారుడు ______ (పుట్టిన తేది ______). తల్లి, కుమార్తె తమ వాటాలు నాకు చెల్లించడానికి ఒప్పుకుంటూ అఫిడవిట్లు ఇచ్చారు. మైనర్ వాటాను సహజ సంరక్షకురాలిగా అతని తరఫున తీసుకుంటాను.
> సక్సెషన్ సర్టిఫికెట్ లేకుండా ఇండెమ్నిటీ బాండుపై చెల్లించాలని కోరుతున్నాను. కుదరకపోతే కారణం, రావాల్సిన మొత్తం రాతపూర్వకంగా తెలపండి.
> జతపరిచినవి: ఒరిజినల్ బాండు, డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, వారసుల అఫిడవిట్లు, అందరి గుర్తింపు కార్డులు, కొడుకు జనన ధ్రువపత్రం, నా బ్యాంకు పాస్‌బుక్ కాపీ, క్లెయిమ్ ఫారాలు.

"వీరు మాత్రమే" అన్న మాట తీసేయకండి, ఆఫీసు వాళ్లు వెతికేది దాన్నే. మైనర్ తరఫున వాటా వదులుకుంటున్నట్టు మాత్రం రాయొద్దు, ఆ పిల్లవాడు ఒప్పుకోలు ఇవ్వలేడు, అతని లక్షన్నర అతనిదే. ఇండెమ్నిటీ బాండు అంటే తర్వాత ఇంకో వారసులు వచ్చి అడిగితే ఆ నష్టం మేమే భరిస్తామని కంపెనీకి రాసిచ్చే హామీ పత్రం, దానికి జామీనుదారులను కూడా అడగవచ్చు. ఇలా కోర్టు కాగితం లేకుండా ఎంత మొత్తం వరకు ఇస్తారన్నది కంపెనీ నిర్ణయం, హక్కుగా అడగడానికి కుదరదు. లెటర్ రెండో కాపీ మీద తేదీ, ముద్ర వేయించుకోండి.

పరిష్కారం 2, ఒక్కరు సంతకం పెట్టకపోయినా, మొత్తం పెద్దదైనా: సక్సెషన్ సర్టిఫికెట్, అంటే చనిపోయిన వ్యక్తికి రావాల్సిన డబ్బు ఎవరు తీసుకోవచ్చో చెప్పే కోర్టు పత్రం, తప్పదు. చనిపోయిన వ్యక్తి మామూలుగా నివసించిన ప్రాంతంలోని కోర్టులో, 1925 భారత వారసత్వ చట్టం సెక్షన్ 372 కింద పిటిషన్ వేయాలి. సంతకం పెట్టనివాళ్లను కూడా అందులో చూపించాల్సిందే, లేకపోతే తర్వాత ఆ సర్టిఫికెట్‌నే రద్దు చేయమని అడుగుతారు. కోర్టు ఫీజు మొత్తాన్ని బట్టి ఉంటుంది, పేపర్ ప్రకటన ఖర్చు వేరు, నెలలు పడుతుంది.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాట్లు రెండు. పిటిషన్ షెడ్యూల్‌లో బాండు మీది బీమా మొత్తమే రాసి బోనస్ వదిలేస్తారు, లేదా పాలసీ నంబరులో ఒక అంకె తప్పు పడుతుంది. సర్టిఫికెట్‌లో ఉన్నదానికే కంపెనీ డబ్బు ఇస్తుంది. అందుకే పిటిషన్‌కు ముందే కంపెనీ నుంచి మొత్తం రాయించుకోమన్నాను. తర్వాత బీరువాలో రెండో పాలసీ దొరికితే కొత్త కేసు అక్కర్లేదు, సెక్షన్ 376 కింద అదే సర్టిఫికెట్‌లో దాన్ని చేర్చమని అదే కోర్టును అడగొచ్చు.

కాగితాలన్నీ ఇచ్చినా కదలకపోతే: ముందు కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వండి. నెలలో జవాబు రాకపోతే బీమా ఫిర్యాదులు వినే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు, రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. వాటా ఎవరిదన్న గొడవ మాత్రం అక్కడ తేలదు, దానికి సివిల్ కోర్టే.